జీతం 7న, ఈఎంఐ 5న: తేదీ మార్పు ఎక్కడ తేడా కొట్టింది

ఈ కేసు నా దగ్గరికి ఏప్రిల్ 13న వచ్చింది, అప్పటికే సగం చెడిపోయి. బ్యాంకులో లోన్ ఆపరేషన్స్ సీట్లో చాలా ఏళ్లు కూర్చుని బయటికొచ్చాను, ఇప్పుడు జనాల అప్పుల లెక్కలు చూసి పెట్టడమే నా పని. ఈఎంఐ తేదీ మార్చుకోవడం చూడ్డానికి చాలా చిన్న పని. కానీ ఈ ఒక్క కేసులో జరగాల్సిన పొరపాట్లన్నీ వరసగా జరిగాయి కాబట్టి మొదటి నుంచి రాస్తున్నాను.

క్లయింట్ ఒక ఉద్యోగిని. పర్సనల్ లోన్ ఒక బ్యాంకులో ఉంది, జీతం పడే ఖాతా ఇంకో బ్యాంకులో ఉంది, లోన్ మీద భర్త సంతకం కూడా ఉంది. మార్చి 5 ఈఎంఐ పోయాక మిగిలిన అసలు 8,40,000. వడ్డీ ఏడాదికి 10.95 శాతం, ఇంకా కట్టాల్సినవి 48 ఈఎంఐలు, ఒక్కోటి 21,690. పాత కంపెనీలో జీతం నెలాఖరున పడేది, 5న ఈఎంఐ పోయేది, ఎప్పుడూ ఇబ్బంది లేదు. కొత్త కంపెనీలో జీతం మరుసటి నెల 7న పడుతుంది. అంటే ఈఎంఐ పోయిన రెండు రోజులకు డబ్బొస్తుంది. మార్చి ఈఎంఐ ఎలాగో దాచుకున్న డబ్బుతో గట్టెక్కించారు, ఏప్రిల్‌కి అది కూడా లేదు.

మార్చి 20న ఆవిడ లోన్ బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశారు. ఇక్కడ మన భాషతోనే ఒక చిక్కుంది. వాయిదా అంటే ఈఎంఐ, వాయిదా అంటే తర్వాతకి నెట్టేయడం కూడా. ఈవిడ "నా వాయిదా కొంచెం ముందుకి జరపాలండీ" అన్నారట. అవతలి అబ్బాయి "ఎన్ని నెలలు కట్టలేరు మేడమ్?" అని అడిగాడు. ఆవిడకి గుండె ఆగినంత పనైంది, లేదు లేదు కడతాను, తేదీ ఒక్కటే మారాలి అని చెప్పుకోవాల్సి వచ్చింది. 'ముందుకి' కూడా అలాంటి మాటే. 5 నుంచి 10కి జరపడాన్ని కొందరు ముందుకి అంటారు, కొందరు వెనక్కి అంటారు. అందుకే నేను నా క్లయింట్లందరికీ చెప్పేది, ముందు వెనకల మాటెత్తకుండా "ప్రతి నెలా 5న ఉన్న గడువు తేదీని 10కి మార్చండి" అని రెండు అంకెలూ చెప్పమని. కష్టంలో ఉన్నాను, కట్టలేకపోతున్నాను లాంటి మాటలు ఈ సందర్భంలో అస్సలు వద్దు, ఎందుకంటే ఆ మాటలు వినగానే మీ దరఖాస్తు వేరే డెస్కుకి వెళుతుంది. అక్కడ దాన్ని చెల్లింపు ఇబ్బంది కింద చూస్తారు, లోన్ నిబంధనలు సడలించే లెక్కలోకి తెస్తారు, అది మీ క్రెడిట్ రికార్డు మీద కూడా పడొచ్చు. బకాయి ఏమీ లేని ఖాతాలో జీతం తేదీ మారిందని గడువు తేదీ మార్చుకోవడం వేరు, కట్టలేక గడువు అడగడం వేరు.

సరే, చివరికి అబ్బాయికి అర్థమైంది. రెండు రోజుల్లో మెసేజ్ వచ్చింది, మీ లోన్ గడువు తేదీ 10కి మారింది అని. ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు.

ఏప్రిల్ 5న పొద్దున్నే జీతం ఖాతాలో డెబిట్‌కి వచ్చింది, డబ్బు లేదు, బౌన్స్. ఇదేదో పాత తేదీ పొరపాటున కొట్టి ఉంటుంది, 10న మళ్లీ తీసుకుంటారులే అనుకున్నారు. 7న జీతం పడింది, ఈఎంఐకి సరిపడా డబ్బు కదపకుండా ఖాతాలో ఉంచారు. 10 వచ్చింది, ఎవరూ తీసుకోలేదు. 11న కూడా తీసుకోలేదు. 12న లోన్ బ్యాంకు నుంచి మెసేజ్: మీ ఈఎంఐ బకాయి ఉంది, వెంటనే చెల్లించండి. ఒకవైపు 5న బౌన్స్ చార్జీ, ఇంకోవైపు 10న కట్టలేదని ఆలస్యపు చార్జీ, డబ్బేమో ఖాతాలో అలాగే ఉంది. 13న ఆవిడ నాకు ఫోన్ చేసేసరికి "బ్యాంకు వాళ్లు నన్ను కావాలని ఇరికించారు సార్" అనే మూడ్‌లో ఉన్నారు.

కావాలని ఎవరూ ఇరికించలేదు. ఈఎంఐ తేదీ అనేది ఒక చోట ఉండే విషయం కాదు, రెండు చోట్ల ఉంటుంది. మొదటిది లోన్ ఖాతా లెడ్జర్‌లో, అంటే ఏ తేదీకి ఎంత రావాలి, దాటితే ఎప్పట్నుంచి ఆలస్యం లెక్కేయాలి అనే షెడ్యూల్. రెండోది డెబిట్ మాండేట్‌లో, అంటే మీ జీతం ఖాతా నుంచి నెలకోసారి డబ్బు లాక్కోవడానికి లోన్ బ్యాంకుకి మీరిచ్చిన అనుమతి. కస్టమర్ కేర్ అబ్బాయి మార్చింది మొదటిదాన్ని మాత్రమే. మాండేట్ మీద 'ప్రతి నెలా 5' అని అలాగే ఉంది కాబట్టి డెబిట్ ఫైల్‌లో, అంటే ఎవరి ఖాతాల నుంచి డబ్బు లాగాలో లోన్ బ్యాంకు పంపే జాబితాలో, ఈవిడ పేరు 5కే వెళ్లింది. 10కి లెడ్జర్ డబ్బు కోసం ఎదురుచూసింది కానీ డబ్బు లాగమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

అన్ని మాండేట్లూ ఇలా ఉండవు. కొన్నింట్లో ఫలానా తేదీ అని రాయరు, లోన్ బ్యాంకు ఎప్పుడు పంపితే అప్పుడు అని ఉంటుంది. అలాంటప్పుడు బ్యాంకు తన ఫైల్ తేదీ మార్చుకుంటే చాలు, మీరు కొత్త కాగితం ఇవ్వక్కర్లేదు. ఇంకొన్ని కేసుల్లో మాండేట్ కాకుండా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఉంటుంది, అంటే మీ జీతం బ్యాంకుకి మీరే చెప్పి పెట్టుకున్న నెలవారీ బదిలీ. దాన్ని లోన్ బ్యాంకు ముట్టుకోలేదు, మీరే మార్చుకోవాలి. కాబట్టి తేదీ మార్పు అడిగే ముందు మొట్టమొదట చూడాల్సింది మీ డబ్బు ఏ దారిలో పోతోందని. జీతం ఖాతా యాప్‌లో మాండేట్ల జాబితా తీసి, అందులో తేదీ ఉందా, మొదలు ఎప్పుడు, ముగింపు ఎప్పుడు, గరిష్ఠ మొత్తం ఎంత అని నాలుగూ రాసుకోవాలి. ఈవిడ మాండేట్‌లో తేదీ 5 అని స్పష్టంగా ఉంది. ముగింపు తేదీ సరిగ్గా ఆఖరి ఈఎంఐ పడే నెల 5. ఈ ముగింపు తేదీ గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత వస్తుంది.

13వ తేదీన మేం చేసిన మొదటి పని ఉత్తరం రాయడం కాదు, ఏప్రిల్ ఈఎంఐ కట్టేయడం. తప్పు ఎవరిదైనా సరే, గొడవ తేలేదాకా కట్టను అని కూర్చుంటే ఆలస్యపు రోజులు పెరుగుతాయి, బ్యాంకు క్రెడిట్ బ్యూరోకి రిపోర్ట్ పంపే రోజుకి బకాయి కనిపిస్తే దాన్ని చెరిపించుకోవడం ఈ మొత్తం పనికంటే కష్టం. కడితే కూడా ఎలా కడుతున్నామో చూసుకోవాలి. లోన్ బ్యాంకు యాప్‌లో రెండు రకాల చెల్లింపులుంటాయి, గడువు దాటిన ఈఎంఐ కట్టడం ఒకటి, అసలులో కొంత ముందే కట్టేయడం ఇంకోటి. కంగారులో రెండోది నొక్కిన వాళ్లని నేను చూశాను. డబ్బు పోతుంది, అసలు తగ్గుతుంది, ఈఎంఐ బకాయి మాత్రం అలాగే ఉంటుంది. ఆవిడ చేత మొదటిదే నొక్కించి, రసీదులో 'ఏప్రిల్ ఈఎంఐ' అని పడిందో లేదో చూసి స్క్రీన్‌షాట్ తీయించాను.

ఆ తర్వాత కొత్త షెడ్యూల్ తెప్పించాం. ఇది ఎవరూ అడగరు, అడిగితే బ్యాంకు ఇస్తుంది. షెడ్యూల్ చూడగానే ఆవిడే పట్టుకున్నారు, "సార్, 48 ఉండాలి కదా, 49 లైన్లున్నాయేంటి?" అని. ఆఖరి లైన్లో రెండు వేలకి కాస్త తక్కువ మొత్తం ఒంటరిగా కూర్చుని ఉంది.

అదెక్కడిదో చెబుతాను. మార్చి 5న కట్టాక తర్వాతి గడువు ఏప్రిల్ 5 అయితే నెల వడ్డీ వస్తుంది, అది ఈఎంఐలోనే ఉంది. గడువు ఏప్రిల్ 10కి పోయింది కాబట్టి బ్యాంకు డబ్బు ఇంకో 5 రోజులు ఆవిడ దగ్గర ఉన్నట్టు. ఆ 5 రోజులకి వడ్డీ వేస్తారు, దీన్ని బ్యాంకుల్లో బ్రోకెన్ పీరియడ్ వడ్డీ అంటారు. లెక్క చాలా తేలిక:

```
8,40,000 × 10.95 / 100 / 365 = 252
252 × 5 = 1,260
```

రోజుకి 252, ఐదు రోజులకి 1,260. ఈ వడ్డీ అడగడంలో అన్యాయం లేదు, ఇది ఒక్కసారి పడేది. దాన్ని ఎలా వసూలు చేస్తారన్నది మాత్రం చూసుకోవాలి. విడిగా కట్టించుకోవచ్చు, మొదటి ఈఎంఐతో కలిపి 22,950 తీసుకోవచ్చు, లేదా ఏమీ అడక్కుండా అసలులో కలిపేయొచ్చు. ఈవిడ విషయంలో మూడోది జరిగింది. ఈఎంఐ 21,690 దగ్గరే ఉంచి అసలుని 8,41,260 చేశారు. ఆ 1,260 మీద నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడుతూ 48 నెలలు పోతే సుమారు 1,950 అవుతుంది, ఇంకో నెల వడ్డీతో కలిసి 49వ లైన్‌గా తేలింది.

ఏడు వందల తేడాకి ఇంత రాద్ధాంతమా అనిపించొచ్చు. నాకు భయం వేసింది ఆ ఏడు వందలకి కాదు. మాండేట్ ముగింపు తేదీ గుర్తుందా, ఆఖరి నెల 5. తేదీ 10కి మారితే 48వ ఈఎంఐకే మాండేట్ ఐదు రోజుల ముందు చచ్చిపోయి ఉంటుంది, 49వ దానికి సరేసరి. అంటే నాలుగేళ్లు సక్రమంగా కట్టి, చివర్లో లోన్ అయిపోయిందని ఈవిడ ఆ ఖాతా సంగతే మర్చిపోయాక, రెండు వేల లోపు ముక్క ఒకటి బకాయిగా మిగిలి, ఆలస్యం రోజులు లెక్కేసుకుంటూ ఉంటుంది. లోన్ క్లోజ్ అవ్వదు, బకాయి లేదనే సర్టిఫికెట్ రాదు. నా సర్వీసులో ఇలాంటి తోకలు బోలెడు చూశాను, ఎక్కువ శాతం మధ్యలో ఏదో తేదీ మార్పో వడ్డీ మార్పో జరిగిన ఖాతాలే.

ఉత్తరం రాసే ముందు ఇంకో ప్రశ్న తేల్చుకున్నాం, అసలు 10 సరైన తేదీయేనా అని. బ్యాంకు ఇచ్చే ఎంపికలు 5, 10, 15 మూడే, ఇష్టమొచ్చిన తేదీ కుదరదు. జీతం 7న అన్నారు సరే, 7 సెలవైతే? కొత్త కంపెనీ నియమం 'తర్వాతి పని దినం' అని ఉంది. ఆవిడ అదే కంపెనీలో ముందు నుంచీ పనిచేస్తున్న సహోద్యోగిని అడిగి గత ఏడాదిలో జీతం ఎప్పుడెప్పుడు పడిందో కనుక్కున్నారు, అన్నిటికంటే ఆలస్యంగా పడింది 9న. డెబిట్ ఫైళ్లు చాలాచోట్ల పొద్దున్నే నడుస్తాయి, జీతాలు ఏ మధ్యాహ్నమో పడతాయి, కాబట్టి జీతం రోజునే ఈఎంఐ పెట్టుకోవడం అంటే కోరి బౌన్స్ తెచ్చుకోవడమే. 9న పడినా 10 పొద్దుటికి డబ్బుంటుంది. 15 ఇంకా నిశ్చింత, కానీ 10 రోజుల వడ్డీ 2,520, పైగా జీతం పడ్డాక ఎనిమిది రోజులు ఆ డబ్బుని ముట్టుకోకుండా ఉండాలి, అది తన వల్ల కాదని ఆవిడే నవ్వుతూ చెప్పారు. 10కే ఖాయం చేశాం.

నిజానికి ఒక నెల ఈఎంఐ మొత్తం ఎప్పుడూ ఖాతాలో ఉంచగలిగే వాళ్లకి నేను తేదీ మార్చుకోవద్దనే చెబుతాను. ఈవిడ దగ్గర ఆ మిగులు లేదు, కాబట్టి మార్పు తప్పలేదు.

14న బ్రాంచికి వెళ్లి ఇచ్చిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది:

"నా లోన్ ఖాతాకు ప్రతి నెలా 5వ తేదీన ఉన్న గడువును 10వ తేదీకి మార్చమని మార్చి 20న ఫోన్‌లో కోరాను. లెడ్జర్‌లో తేదీ మారింది, డెబిట్ మాండేట్‌లో మారలేదు. అందువల్ల ఏప్రిల్ 5న డెబిట్ తిరిగివచ్చింది, 10న డెబిట్ పంపలేదు. ఆ రోజు నా ఖాతాలో సరిపడా డబ్బు ఉందని చూపే స్టేట్‌మెంట్ జతచేశాను. ఏప్రిల్ ఈఎంఐ 13న చెల్లించాను. మార్పుకు కారణం జీతం తేదీ మారడం మాత్రమే. 5 రోజుల వడ్డీ 1,260ని విడిగా చెల్లిస్తాను, దానిని అసలుకు కలపవద్దు, 48 ఈఎంఐల షెడ్యూల్‌ను అలాగే ఉంచండి. పాత మాండేట్‌పై 5వ తేదీ డెబిట్ ఇక పంపవద్దు. కొత్త మాండేట్ జతచేశాను, మొదటి డెబిట్ మే 10. ఏప్రిల్ బౌన్స్ చార్జీ, ఆలస్యపు చార్జీ రద్దుచేసి, క్రెడిట్ బ్యూరోకు బకాయి లేనట్లుగా పంపండి."

కింద ఆవిడ సంతకం, భర్త సంతకం రెండూ ఉన్నాయి. ఇద్దరి పేరున ఉన్న లోన్‌కి ఒకరి సంతకంతో ఇస్తే నాలుగు రోజుల తర్వాత వెనక్కి పంపుతారు, ఆ నాలుగు రోజులే మన దగ్గర లేవు. డెబిట్ ఫైల్ గడువుకి కొన్ని రోజుల ముందే తయారైపోతుంది కాబట్టి, ఆలస్యంగా ఇచ్చిన దరఖాస్తు ఆ నెలకి పనిచేయదు, మరుసటి నెలకే. మార్చి 20 ఫోన్ కాల్ విషయంలో టైమ్ సరిపోయింది, పని సగమే జరిగింది. కంపెనీ ఇచ్చిన జీతం తేదీ లెటర్, రెండు పే స్లిప్పులు కూడా జతచేశాం.

కౌంటర్‌లో ఆఫీసర్ మర్యాదగానే ఉన్నాడు గానీ మొదట "సిస్టమ్‌లో 10 అనే ఉంది కదండీ, ఇంకేం సమస్య?" అన్నాడు. నేను మాండేట్ స్క్రీన్ కూడా తెరవమన్నాను. తెరిచి చూసి, అవునండీ ఇది వేరే టీమ్ చేయాలి అన్నాడు. ఈ ఒక్క వాక్యంలోనే మొత్తం కేసు ఉంది. దరఖాస్తు అందినట్టు ముద్ర, నంబర్ తీసుకుని వచ్చాం.

కొత్త మాండేట్ నింపేటప్పుడు మూడు చోట్ల ఆగాను. సంతకం లోన్ బ్యాంకులో ఉన్నది కాదు, జీతం బ్యాంకు రికార్డులో ఉన్నది ఉండాలి, ఎందుకంటే సరిచూసేది వాళ్లు. ఆవిడ పెళ్లికి ముందు తెరిచిన ఖాతా అది, సంతకం పాతది, అదే పెట్టించాను. గరిష్ఠ మొత్తం ఈఎంఐ కంటే కొంచెం ఎక్కువ రాశాం, ఏదైనా నెల చిన్న చార్జీ కలిసినా డెబిట్ తిరిగి రాకుండా, అలాగని మరీ ఎక్కువా కాదు. ముగింపు తేదీ ఆఖరి ఈఎంఐ తర్వాత ఇంకో మూడు నెలలకి పెట్టాం. కొందరు పాత మాండేట్‌ని ముందే యాప్‌లో రద్దు చేసేస్తారు, అది వద్దు. కొత్తది రిజిస్టర్ అయినట్టు కనిపించాకే పాతది తీయాలి, లేకపోతే మధ్యలో ఏ అనుమతీ లేని నెల ఒకటి వస్తుంది.

1,260ని ఏప్రిల్ 16న విడిగా కట్టారు. 24న సవరించిన షెడ్యూల్ వచ్చింది, అందులో మేం చూసినవి మూడే: ఏప్రిల్ గడువు ప్రారంభంలో అసలు 8,40,000 అని ఉందా, లైన్లు 48 ఉన్నాయా, గడువులన్నీ 10 అని ఉన్నాయా. మూడూ ఉన్నాయి. ఏప్రిల్ 29న కొత్త మాండేట్ జీతం ఖాతా యాప్‌లో కనిపించింది, ఆ రోజే పాతది రద్దు. మే 5న ఆవిడ పొద్దున్నుంచి ఫోన్ పట్టుకునే కూర్చున్నారట, ఏ డెబిట్టూ రాలేదు. మే 10న 21,690 పోయింది, లోన్ స్టేట్‌మెంట్‌లో బకాయి సున్నా.

లోన్ బ్యాంకు తన బౌన్స్ చార్జీ, మూడు రోజుల ఆలస్యపు చార్జీ వెనక్కి వేసింది. క్రెడిట్ రిపోర్ట్ జూన్‌లో తీసి చూశాం, ఏప్రిల్‌కి ఆలస్యం ఏమీ లేదు. జీతం బ్యాంకు కూడా ఏప్రిల్ 5న తన వంతు బౌన్స్ చార్జీ వేసింది. దాన్ని వాళ్లు వెనక్కివ్వనన్నారు, మా దగ్గరికి డెబిట్ వచ్చింది, డబ్బు లేదు, మా తప్పేముంది అని. వాళ్ల మాట వాళ్ల వైపు నుంచి నిజమే. అది లోన్ బ్యాంకే భరించాలని ఇంకో ఉత్తరం పెట్టాం, రెండుసార్లు గుర్తుచేశాం, ఇప్పటిదాకా జవాబు లేదు.